అరువు తీర్చే ఇనుము

1900లో జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. నైట్రోజన్, హైడ్రోజన్ వాయువులను కలిపి బాగా వేడెక్కిన ఇనుము మీదుగా పంపాడు. అవతలి కొస నుంచి అమ్మోనియా వచ్చింది. ఆ రోజుల్లో ఐరోపా పొలాలకు కావలసిన నైట్రోజన్ ఎరువు ఎక్కువగా దక్షిణ అమెరికాలోని చిలీ నుంచి ఓడల్లో వచ్చేది. గాలిలో అంతులేనంత ఉన్న నైట్రోజన్‌ నుంచే అమ్మోనియా తీయగలిగితే ఇక ఆ ఓడల కోసం ఎదురు చూడనక్కర్లేదు. ఆస్ట్‌వాల్డ్ పేటెంటుకు దరఖాస్తు పెట్టి, బీఏఎస్ఎఫ్ అనే పెద్ద రసాయనాల కంపెనీకి తన పద్ధతి ఇస్తానన్నాడు.

కంపెనీ ఆ ప్రయోగాన్ని సరిచూడమని అంతకు ముందు ఏడాదే ఉద్యోగంలో చేరిన కార్ల్ బాష్ అనే పాతికేళ్ల యువకుడికి అప్పజెప్పింది. బాష్ ఓపికగా చేసి చూశాడు. అమ్మోనియా వచ్చిన మాట నిజమే గానీ, అది వాయువులోని నైట్రోజన్‌ నుంచి రాలేదని తేల్చాడు. ఆ ఇనుములోనే ముందు నుంచీ కొంత నైట్రోజన్ ఇనుముతో కలిసి నైట్రైడ్ రూపంలో దాగి ఉంది. వేడి హైడ్రోజన్ తగలగానే ఆ దాగి ఉన్న నైట్రోజన్ అమ్మోనియాగా బయటికొచ్చింది. ఉన్నదంతా అయిపోతే ఇక రాదు. పెద్దాయనకు కోపం వచ్చింది. ఏమీ తెలియని కొత్తవాడి చేతికి పని ఇస్తే ఇలాగే ఉంటుందన్నాడు. చివరికి బాష్ చెప్పిందే సరైనదని తేలి, పేటెంటు దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు.

ఆస్ట్‌వాల్డ్ సామాన్యుడు కాడు. ‘ఉత్ప్రేరకం’ అనే మాటకు ఈనాడు మనం చెప్పుకునే అర్థాన్ని స్థిరపరచినవాడు. ఆ పనికే 1909లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అంతటివాణ్ణి తికమక పెట్టిన ప్రశ్న చాలా చిన్నది: ఆ ఇనుము అమ్మోనియాను ఇచ్చిందా, ఇప్పించిందా? ఇస్తే అది సరుకు, కాసేపటికి అయిపోతుంది. ఇప్పిస్తే అది ఉత్ప్రేరకం, ఎంత ఇప్పించినా మిగిలే ఉంటుంది. ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే ఉత్ప్రేరకం గురించి సగానికి పైగా తెలిసినట్టే.

మనలో చాలామంది బడిలో బట్టీ పట్టిన నిర్వచనం ఒకటుంది. ‘తాను చర్యలో పాల్గొనకుండా, చర్య వేగాన్ని మార్చే పదార్థం ఉత్ప్రేరకం.’ నేనూ అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను. అందులో ‘పాల్గొనకుండా’ అన్న ఒక్క మాట తప్పు. ఆ మాట వల్ల పిల్లల మనసులో ఒక బొమ్మ ఏర్పడుతుంది: గట్టు మీద నిలబడి ‘కానివ్వండి, కానివ్వండి’ అని అదిలించే పెద్దమనిషి బొమ్మ. మన తెలుగు మాట కూడా ఆ బొమ్మకే దోహదం చేస్తుంది. ప్రేరేపించేది కాబట్టి ప్రేరకం. ఫలానా ప్రాజెక్టు జిల్లా అభివృద్ధికి ఉత్ప్రేరకం అని పత్రికల్లో రాసేటప్పుడు అక్కడ మిగిలేది ఆ ప్రేరణ ఒక్కటే. అసలైన ఉత్ప్రేరకం గట్టు మీద ఉండదు. ఒళ్లంతా తడుపుకుంటూ చర్యలోకి దిగుతుంది. చర్య చివర ఎలా దిగిందో అలా పైకి వస్తుంది. బయటి నుంచి చూసేవాళ్లకు మొదలూ చివరా మాత్రమే కనిపిస్తాయి కాబట్టి అది కదలలేదనుకుంటారు.

కేటలిసిస్ అనే మాటను 1835లో పుట్టించిన స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ కూడా అందులో ఏదో ప్రత్యేకమైన శక్తి దాగి ఉందనుకున్నాడు. ఆ గ్రీకు మాటకు అర్థం ప్రేరేపించడం కాదు, ముడి విప్పడం. జరిగేదానికి ఆ అర్థమే దగ్గర.

ముడి ఎలా విడుతుందో ముందు ఒక చిన్న సీసాలో చూద్దాం. మందుల షాపులో గాయాలు కడగడానికి ఇచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం ఉంటుంది కదా, దాన్ని సీసాలో వదిలేస్తే నీరుగానూ ఆక్సిజన్‌గానూ విడిపోతూ ఉంటుంది. కానీ అది ఎంత నెమ్మదంటే నెలల తరబడి సీసా షాపులో ఉన్నా పనికొస్తుంది. అందులో చిటికెడు పొటాషియం అయోడైడ్ వేస్తే మాత్రం వెంటనే బుడగలు మొదలవుతాయి. లోపల రెండు మెట్లలో ఇది జరుగుతుంది:

H₂O₂ + I⁻ → H₂O + IO⁻
H₂O₂ + IO⁻ → H₂O + O₂ + I⁻

మొదటి మెట్టులో అయోడైడ్ (I⁻) ఒక పెరాక్సైడ్ అణువు నుంచి ఒక ఆక్సిజన్ పరమాణువును లాక్కుని IO⁻గా మారిపోయింది. ఆ క్షణంలో చూస్తే అయోడైడ్ ఖర్చయిపోయినట్టే. రెండో మెట్టులో ఆ IO⁻ ఇంకో పెరాక్సైడ్ అణువును పట్టుకుని, రెండు ఆక్సిజన్లనూ జత చేసి వాయువుగా వదిలి, మళ్లీ అయోడైడ్‌గా మారింది. రెండు మెట్లనూ కలిపి కూడితే అటు ఒక I⁻, ఇటు ఒక I⁻ కొట్టేసుకుపోతాయి. మిగిలేది రెండు పెరాక్సైడ్ అణువులు రెండు నీటి అణువులుగా, ఒక ఆక్సిజన్ అణువుగా మారడం. లెక్క ప్రకారం 68 గ్రాముల పెరాక్సైడ్ నుంచి 36 గ్రాముల నీరు, 32 గ్రాముల ఆక్సిజన్. ఆ లెక్కలో అయోడైడ్‌కు చోటే లేదు.

ఉత్ప్రేరకం ఎందుకు ఖర్చు కాదు అన్న ప్రశ్నకు జవాబు ఇంతే. అది తీసుకున్నదాన్ని తర్వాతి మెట్టులో తిరిగి ఇచ్చేస్తుంది. అరువు తెచ్చి, అరువు తీర్చి, ఖాతా సున్నాకు తెచ్చుకుంటుంది. ఇలా తీర్చలేని పదార్థం ఏదైనా ఉంటే అది కూడా చర్యను వేగంగా మొదలుపెట్టవచ్చు గానీ దాన్ని ఉత్ప్రేరకం అనరు. తనతో తెచ్చుకున్నంత మేరకే దాని పని.

కొందరు ఉత్ప్రేరకాన్ని పాలలో వేసే తోడుతో పోలుస్తారు. కొంచెం వేస్తే గిన్నెడు పాలూ తోడుకుంటాయి, తర్వాత అందులోంచి మళ్లీ కొంచెం తీసి రేపటికి వాడుకోవచ్చు కాబట్టి పోలిక బాగున్నట్టే ఉంటుంది. కానీ తోడులో ఉన్నవి బతికున్న సూక్ష్మజీవులు. అవి పాలలోని చక్కెరను తిని, పిల్లల్ని పెట్టి, పెరుగుతాయి. ఉత్ప్రేరకం పెరగదు, తరగదు. ఆ జీవుల లోపల పనిచేసే ఎంజైములు మాత్రం నిజమైన ఉత్ప్రేరకాలే. గాయం మీద పెరాక్సైడ్ పోస్తే బుసబుసా నురగ వచ్చేది మన రక్తంలో, కణాల్లో ఉండే కేటలేజ్ అనే అలాంటి ఎంజైము వల్లే.

నాకు సరిగ్గా అమరినట్టు తోచే పోలిక బల్లకట్టు. వంతెన లేని రేవులో బల్లకట్టు మనుషుల్ని ఎక్కించుకుని అవతలి గట్టున దింపుతుంది. రోజూ వందలమందిని దాటిస్తుంది. అందులో ఎవరూ బల్లకట్టును వెంట తీసుకుపోరు. అలాగని అది ప్రయాణంలో పాల్గొనలేదని ఎవరైనా అనగలరా? ఎక్కించుకోవడమే దాని పని, దింపడం కూడా అంతే ముఖ్యమైన పని. ఎక్కినవాడు దిగకుండా కూర్చుంటే రేవు ఆగిపోతుంది. ఈ బల్లకట్టు మనకు ఇంకో రెండు మూడు చోట్ల అక్కరకొస్తుంది.

వేగం ఎందుకు పెరుగుతుంది? అణువులు ఒకదాన్నొకటి తాకినంత మాత్రాన చర్య జరగదు. పాత బంధాలు సడలి కొత్తవి ఏర్పడే మధ్య స్థితి దాకా చేరడానికి కొంత శక్తి కావాలి. దాన్ని ఉత్తేజన శక్తి అంటారు. పెరాక్సైడ్ తనంతట తాను విడిపోవడానికి ఈ శక్తి మోల్‌కు సుమారు 75 కిలోజౌళ్లు. అయోడైడ్ ఉంటే సుమారు 56. తేడా 19 కిలోజౌళ్లే, చూడటానికి పెద్దగా లేదు. కానీ గది ఉష్ణోగ్రతలో అణువుల్లో అంతటి శక్తి ఉన్నవి చాలా అరుదు. అడ్డు కొంచెం తగ్గగానే దాటగలిగేవాటి సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. మిగతా పరిస్థితులన్నీ సమానం అనుకుని లెక్క వేస్తే ఈ 19 కిలోజౌళ్ల తేడాకే వేగం దాదాపు 2,000 రెట్లు అవుతుంది. ఒక విషయం గమనించాలి. ఉత్ప్రేరకం పాత దారిలోని అడ్డును తగ్గించలేదు. ఆ దారి అలాగే ఉంది. అది పక్కన ఇంకో దారి తెరిచింది. ఆ దారి తన మీదుగా పోతుంది.

ఇప్పుడు ఇనుము దగ్గరికి, అమ్మోనియా దగ్గరికి తిరిగి వద్దాం. బాష్ తప్పు పట్టిన తర్వాత కొన్నేళ్లకు కార్ల్స్‌రూహేలో ఫ్రిట్జ్ హేబర్ అదే చర్య మీద కూర్చున్నాడు.

N₂ + 3H₂ ⇌ 2NH₃

ఇక్కడి బాణం రెండు వైపులా ఉంది. అమ్మోనియా తయారవుతూ ఉంటుంది, తయారైనది విడిపోతూనూ ఉంటుంది. రెండూ సమానమైన చోట చర్య నిలబడుతుంది. దాన్నే సమతాస్థితి అంటారు. 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మామూలు గాలి పీడనంలో, ఈ సమతాస్థితిలో ఉండే అమ్మోనియా నూటికి సున్నా పాయింట్ ఒకటి లాంటిది. లేనట్టే లెక్క. ఎంత గొప్ప ఉత్ప్రేరకం వేసినా ఆ అంకె మారదు. బల్లకట్టు అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ ఒకే తీరున దాటిస్తుంది కదా. ఏ గట్టున ఎంతమంది ఉండాలనుకుంటారో అది వాళ్ల పనులను బట్టి ఉంటుంది, బల్లకట్టును బట్టి కాదు. ఒకవేళ ఉత్ప్రేరకం ఒక వైపు వేగాన్నే పెంచగలిగి ఉంటే, దాన్ని వేస్తూ తీస్తూ ఏ ఖర్చూ లేకుండా శక్తి పుట్టించుకోవచ్చు. ప్రకృతిలో అది సాధ్యం కాదు.

అందుకే హేబర్ రెండు పనులు విడివిడిగా చేయాల్సి వచ్చింది. సమతాస్థితిని జరపడానికి పీడనం పెంచాడు. అదే 500 డిగ్రీల దగ్గర పీడనాన్ని 200 అట్మాస్ఫియర్లకు తీసుకుపోతే అమ్మోనియా వాటా నూటికి సుమారు 18కి చేరుతుంది. ఉష్ణోగ్రత తగ్గిస్తే వాటా ఇంకా పెరుగుతుంది, కానీ చర్య నత్తనడక నడుస్తుంది. ఆ నడకను సరిచేయడానికి ఉత్ప్రేరకం కావాలి. 1909 జులైలో బీఏఎస్ఎఫ్ మనుషుల ముందు హేబర్, ఆయన సహాయకుడు రాబర్ట్ లె రొసిన్యోల్ తమ యంత్రాన్ని నడిపి చూపించారు. వచ్చినవాళ్లలో బాష్ కూడా ఉన్నాడు. తొమ్మిదేళ్ల కింద ఆస్ట్‌వాల్డ్ ఇనుమును తోసిపుచ్చిన బాషే ఈసారి ఈ చర్యను కర్మాగారం స్థాయికి తీసుకుపోయే బాధ్యత తలకెత్తుకున్నాడు.

హేబర్ వాడిన ఉత్ప్రేరకం ఆస్మియం. భూమ్మీద అతి అరుదైన లోహాల్లో అదొకటి. దాంతో ఫ్యాక్టరీలు నడవవు. కంపెనీలో ఆల్విన్ మిటాష్ అనే రసాయనికుడు చవకైనదాని కోసం వేట మొదలుపెట్టాడు. చిన్న చిన్న ప్రయోగ గొట్టాలు చాలా కట్టించి, ఒకదాని వెంట ఒకటి వేల నమూనాలను పరీక్షించాడు. స్వచ్ఛమైన ఇనుము పేలవంగా పనిచేసింది. కానీ స్వీడన్‌లోని గాలివారే గనుల నుంచి వచ్చిన మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ముక్క ఒకటి ఆశ్చర్యంగా బాగా పనిచేసింది. అంటే అందులో కలిసి ఉన్న మలినాలే ఏదో చేస్తున్నాయి. ఆ మలినాలేవో పట్టుకుని, కొలత ప్రకారం కలపడంతో కథ మారింది. 1913లో ఓపావ్ దగ్గర మొదటి కర్మాగారం నడిచింది. మాగ్నటైట్‌ను కరిగించి అందులో కొద్దిగా అల్యూమినా, పొటాషియం, కాల్షియం ఆక్సైడ్లు కలపడమే ఇప్పటికీ ఎక్కువ కర్మాగారాల్లో వాడే పద్ధతి. మన రామగుండంలో రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా తయారుచేసే సామర్థ్యంతో కట్టిన యూరియా కర్మాగారంలో జరిగేది కూడా ఈ చర్యే. రైతు మోసుకెళ్లే 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నైట్రోజన్ ఉంటుంది. ఒకప్పుడు గాలిలో ఉన్న నైట్రోజన్ అది.

ఆ గాలిలో నైట్రోజన్ జంటలుగా ఉంటుంది. రెండు పరమాణువుల మధ్య మూడు పేటల బంధం. దాన్ని తెంచాలంటే మోల్‌కు 945 కిలోజౌళ్లు కావాలి. ప్రకృతిలో ఇంత గట్టి బంధాలు చాలా తక్కువ. గట్టు మీది పెద్దమనిషి ఎంత అదిలించినా తెగని ముడి ఇది. ఇనుము ఏం చేస్తుంది? నైట్రోజన్ జంట ఇనుము ఉపరితలానికి అంటుకున్నప్పుడు ఇనుప పరమాణువులు రెండు నైట్రోజన్లకూ చేతులు అందిస్తాయి. నైట్రోజన్-నైట్రోజన్ బంధం ఎంత సడలుతుందో, నైట్రోజన్-ఇనుము బంధం అంత బిగుస్తుంది. అందుకే ఆ 945 కిలోజౌళ్లనూ ఒక్కసారిగా ఎక్కడి నుంచో తేవలసిన పని లేదు. పోయినదాన్ని వచ్చినది చాలామటుకు పూడ్చుతుంది. చివరికి జంట విడిపోయి, రెండు నైట్రోజన్ పరమాణువులు ఇనుము మీద విడివిడిగా కూర్చుంటాయి. హైడ్రోజన్ జంటలు కూడా అలాగే విడిపోయి పక్కనే కూర్చుంటాయి. ఆ తర్వాత ఒక్కొక్క హైడ్రోజనే జరుగుతూ వచ్చి నైట్రోజన్‌ను చేరుతుంది. మొదట NH, తర్వాత NH₂, చివరికి NH₃. అమ్మోనియా పూర్తయ్యాక దానికి ఇనుముతో పని తక్కువ. అది లేచిపోతుంది. ఇనుము ఖాళీ అవుతుంది. మరో జంట వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు ఆస్ట్‌వాల్డ్ ఇనుమును గుర్తు తెచ్చుకోండి. దానికీ దీనికీ తేడా ఏమిటి? రెండింటిలోనూ ఇనుము మీద నైట్రోజన్ కూర్చుని ఉంది. రెండింటిలోనూ హైడ్రోజన్ వచ్చి ఆ నైట్రోజన్‌ను అమ్మోనియాగా తీసుకుపోయింది. చర్య రెండో సగం అచ్చం ఒకటే. ఆస్ట్‌వాల్డ్ ఇనుములో ఆ నైట్రోజన్ పాత నిల్వ. తీసిన చోట మళ్లీ నింపే మొదటి సగం అక్కడ జరగలేదు. నిజమైన ఉత్ప్రేరకంలో ఖాళీ అయిన ప్రతి చోటునూ వాయువులోని కొత్త నైట్రోజన్ నింపుతుంది. చక్రం పూర్తిగా తిరగడమే ఉత్ప్రేరకానికి గుర్తు. సగం చక్రం మామూలు రసాయన చర్య మాత్రమే. ఆస్ట్‌వాల్డ్ అంతటివాడు పొరబడింది ఇక్కడే, కాబట్టి దీన్ని నేను తేలిక తప్పు అనుకోను.

దీన్ని పట్టుకోవడానికి కావలసింది చిన్న లెక్క. ఇనుము నైట్రోజన్‌ను నాలుగు ఇనుప పరమాణువులకు ఒక నైట్రోజన్ చొప్పున (Fe₄N) గానీ, మరీ ఎక్కువైతే రెండింటికి ఒకటి చొప్పున (Fe₂N) గానీ పట్టుకుంటుంది. కిలో ఇనుము మొత్తం Fe₂N అయిపోయిందనుకున్నా, అందులోని నైట్రోజన్ అంతా అమ్మోనియాగా మారితే వచ్చేది సుమారు 150 గ్రాములు. అంతకన్నా ఒక్క గ్రాము ఎక్కువ వచ్చినా అది ఇనుము ఇచ్చింది కాదు, వాయువు నుంచి ఇప్పించింది. ఇప్పుడు ఒక కర్మాగారంలో 150 టన్నుల ఉత్ప్రేరకం ఉండి రోజుకు 1,500 టన్నుల అమ్మోనియా తీస్తోందనుకుందాం. కిలో ఉత్ప్రేరకానికి రోజుకు 10 కిలోలు. ఏడాదిలో 300 రోజులు నడిచి, పదేళ్లు అదే ఉత్ప్రేరకం పనిచేస్తే, కిలోకు 30,000 కిలోల అమ్మోనియా. ఇనుము ఇవ్వగలిగింది 150 గ్రాములు, ఇప్పించింది దానికి రెండు లక్షల రెట్లు. పదేళ్లు పనిచేయడం ఈ ఉత్ప్రేరకానికి వింతేమీ కాదు.

ఇనుము మీద ఏం జరుగుతోందో కళ్లకు కట్టినట్టు చూపించింది మాత్రం చాలా ఆలస్యంగా, గెర్హార్డ్ ఎర్టల్. దాదాపు శూన్యంగా చేసిన పెట్టెలో, పరిశుభ్రమైన ఇనుప ఉపరితలం మీద ఎంత నైట్రోజన్ ఉందో ఆయన కొలిచాడు. హైడ్రోజన్‌ను లోపలికి వదులుతున్న కొద్దీ ఉపరితలం మీది నైట్రోజన్ పరమాణువులు తగ్గుతూ వచ్చాయి. అంటే హైడ్రోజన్ తీసుకుపోతున్నది విడిపోయిన పరమాణువులనే, జంటలను కాదు. మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా నెమ్మదైన మెట్టు నైట్రోజన్ జంట విడిపోవడమేనని కూడా తేలింది. ఇనుమును తాకిన నైట్రోజన్ అణువుల్లో విడిపోయేవి పది లక్షల్లో ఒకటి లాంటివి మాత్రమే. అంత తక్కువ కాబట్టే అన్ని డిగ్రీల వేడి, అంత పీడనం. ఈ కృషికి ఎర్టల్‌కు 2007లో నోబెల్ బహుమతి వచ్చింది.

బల్లకట్టుతో ఇంకొక మాట. ఎక్కడానికి వీల్లేని బల్లకట్టు ఎంత దండగో, ఎక్కినవాళ్లను దిగనివ్వని బల్లకట్టు కూడా అంతే దండగ. బంగారం, రాగి లాంటి లోహాలు నైట్రోజన్‌ను సరిగ్గా పట్టుకోలేవు, జంట విడిపోదు. టంగ్‌స్టన్ లాంటివి మరీ గట్టిగా పట్టుకుంటాయి, విడిపోయిన నైట్రోజన్ ఇక కదలదు. ఇనుము, రుథేనియం, ఆస్మియం మధ్యస్థంగా ఉంటాయి. పట్టుకునేంత గట్టిగా, వదిలేంత వదులుగా. మిటాష్ వేల ప్రయోగాలతో వెతికింది ఈ మధ్య చోటునే, ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియకపోయినా.

ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది. ఖర్చే కాకపోతే పదేళ్లకు ఎందుకు మార్చాలి?

ఉత్ప్రేరకం ఖర్చు కాదన్నది దాని చక్రం గురించిన మాట. చక్రానికి బయట జరిగేవి వేరు. మొదటిది విషం. సహజవాయువులో గంధకం ఉన్న పదార్థాలు కొద్దిగా కలిసి ఉంటాయి. గంధకం ఇనుము మీద ఎక్కి కూర్చుంటే ఇక దిగదు. అలా కూర్చున్న ప్రతిచోటా ఒక బల్లకట్టు పోయినట్టే. అందుకే వాయువును మొదటే జింక్ ఆక్సైడ్ గుండా పంపి గంధకాన్ని తీసేస్తారు. కార్బన్ మోనాక్సైడ్, నీటి ఆవిరి లాంటి ఆక్సిజన్ ఉన్నవి కూడా ఇనుమును పాడు చేస్తాయి. కాకపోతే అవి చాలామటుకు తాత్కాలిక విషాలు, శుభ్రమైన వాయువు పంపితే ఇనుము కోలుకుంటుంది. రెండోది వేడి. ఉత్ప్రేరకంలోని ఇనుము గట్టి ముద్దలా ఉండదు, లెక్కలేనన్ని సూక్ష్మమైన రేణువులుగా ఉంటుంది. గ్రాము ఉత్ప్రేరకంలో పది చదరపు మీటర్లకు పైగా ఉపరితలం ఉంటుంది. ఎక్కువ వేడికి ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి. ఒక్క గ్రాము ఇనుము కూడా తగ్గదు, కానీ బయటికి కనిపించే ఇనుము తగ్గిపోతుంది. స్వచ్ఛమైన ఇనుము మిటాష్ చేతిలో ఓడిపోయింది ఈ కారణంగానే. అల్యూమినా చేసే పని ఆ రేణువుల మధ్య అడ్డుగా నిలబడటం. పొటాషియం పని వేరు. అది ఇనుముకు ఎలక్ట్రాన్లు అందించి నైట్రోజన్ జంట విడిపోవడాన్ని తేలిక చేస్తుంది. వీటిని ప్రవర్ధకాలు అంటారు.

ఉత్ప్రేరకం అలసిపోతోందని కర్మాగారంలో ఎలా తెలుస్తుంది? తలుపు తీసి చూడలేరు కదా. ఈ చర్య వేడిని పుట్టిస్తుంది. వాయువు ఉత్ప్రేరకపు దిబ్బలోకి ప్రవేశించగానే పై పొరల్లో ఉష్ణోగ్రత చురుగ్గా పెరగాలి. లోపల వేరువేరు లోతుల్లో ఉష్ణోగ్రత కొలిచే సాధనాలు అమర్చి ఉంటాయి. నెలలు గడిచేకొద్దీ ఆ పెరుగుదల పై పొరల నుంచి కింది పొరలకు జారుతూ వస్తే, పై పొరలు పనిచేయడం మానేశాయన్న మాట. ముందు విషం తగిలేది వాటికే. అప్పుడు లోపలికి వచ్చే వాయువును ఇంకాస్త వేడి చేసి నెట్టుకొస్తారు. అయితే వేడి పెంచితే సమతాస్థితిలో అమ్మోనియా వాటా తగ్గుతుంది. ఆ రెండింటి మధ్య లాభం లేదనిపించిన రోజున ఉత్ప్రేరకాన్ని మారుస్తారు.

చక్రానికి బయట పోయేదానికి మరో మంచి ఉదాహరణ ఆస్ట్‌వాల్డ్ దగ్గరే ఉంది. ఇనుముతో దెబ్బతిన్నా ఆయన ఇంకో చర్యలో గెలిచాడు. అమ్మోనియాను ఆక్సిజన్‌తో మండించి నైట్రిక్ ఆమ్లం తయారుచేసే పద్ధతి ఈనాటికీ ఆయన పేరుతోనే ఉంది. అందులో ఉత్ప్రేరకం ప్లాటినం. ఇప్పుడు దాన్ని రోడియంతో కలిపి సన్నని వలలుగా నేసి వాడతారు. 900 డిగ్రీల దగ్గర ఆ వలల మీదుగా వాయువు పోయేటప్పుడు కొంచెం ప్లాటినం ఆక్సైడ్‌గా ఆవిరై వాయువుతో పాటు వెళ్లిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి కింద పల్లాడియం వలలు కడతారు. పోతున్నది చాలా విలువైన లోహం మరి. అయితే ఆ పోవడానికీ, తయారయ్యే ఆమ్లం లెక్కకూ రసాయన సమీకరణం ఏదీ కుదర్చలేదు. ఇన్ని అణువుల ఆమ్లానికి ఇన్ని పరమాణువుల ప్లాటినం అని ఎక్కడా రాసి ఉండదు. వేడి ఎక్కువైతే ఎక్కువ పోతుంది, తక్కువైతే తక్కువ. బల్లకట్టు చెక్క నానడం లాంటిది అది.

అమ్మోనియా కర్మాగారంలో పదేళ్లు దాటాక పాత ఇనుమును బయటికి తీసే రోజున ఒక జాగ్రత్త తీసుకుంటారు. ఆ సన్నని ఇనుప రేణువులు గాలి తగిలితే చాలు, ఎర్రగా కాలిపోతాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా అది తుప్పు కాదు, బూడిద కాదు, అచ్చమైన ఇనుము. అందుకే పాత్ర చల్లారేదాకా ఆగి, ఏ చర్యా జరగకుండా లోపల ఒక వాయువును నింపి ఉంచుతారు. ఆ వాయువు నైట్రోజన్. పదేళ్లపాటు ఆ ఇనుము రాత్రింబవళ్లు విడదీసినదీ దాన్నే. చల్లబడిన ఇనుము ఇప్పుడు దాని జోలికి పోలేదు.